అక్క పంపిన ఉప్పు రేటు

ఆ ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. చూసేవాళ్లకు అందులో విశేషమేమీ కనిపించదు. ర్యాక్ అంచుకు తగిలించిన పసుపు రంగు చీటీ, దాని మీద ఇంగ్లీషులో ఉప్పు పేరు, కిలో అని బరువు, ఎమ్మార్పీ యాభై ఆరు, షాపు ధర యాభై రెండు. ఒక మూలన మా అక్క బొటనవేలు సగం పడింది. ఫోటో కింద ఒక్క అక్షరం కూడా లేదు. అక్క ఎప్పుడూ అంతే. ఫోటో పంపుతుంది, అడగదు. ఏం కావాలో మనమే తెలుసుకోవాలి.

తెలుసుకోగలననే నేను అనుకునేదాన్ని. కరీంనగర్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో పద్నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. మొదట బిల్లింగ్ కౌంటర్, తర్వాత సరుకు సర్దడం, ఇప్పుడు కిరాణా వరుసలన్నీ నా కిందనే. ధరలు మారిన రోజు షాపు తెరవకముందే కొత్త రేటు చీటీలు అచ్చు తీసి, పాతవి లాగేసి, కొత్తవి దూర్చడం నా పనే. అందుకని మా చుట్టాలకూ, చర్చిలో నా పక్కన కూర్చునే ఆడవాళ్లకూ నేను రేట్లు చెప్పే మనిషినైపోయాను. ఎవరు ఏ షాపులో నిలబడినా చీటీ ఫోటో తీసి నాకు పంపుతారు. తీసుకోవాలా వద్దా అని కొందరు రాస్తారు. చాలామంది అదీ రాయరు.

ప్రశ్న లేని ఫోటోకు జవాబు చెప్పడం నాకొచ్చిన విద్య అని లోలోపల గర్వంగానే ఉండేది. ఫోటోలో రెండు చీటీలు పడితే ఆ రెంటిలో ఏది నయమని అడుగుతున్నట్టు. ఒకటే చీటీని దగ్గరగా తీస్తే ఈ ధర న్యాయమేనా, మీ దగ్గర ఎంతకు వస్తుందని అడుగుతున్నట్టు. ధర తర్వాత చూడాలి, ముందు బరువు చూడాలి. నూనె ప్యాకెట్లు రెండు పక్కపక్కన పెడితే ఒకే ఎత్తుంటాయి. ఒకటి లీటరు, అంటే దగ్గర దగ్గర తొమ్మిది వందల పది గ్రాములు. పక్కది ఎనిమిది వందల గ్రాములే. పది రూపాయలు తక్కువని రెండోది తీసుకుంటే నష్టపోయినట్టే. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోవడం కూడా తప్పే, చిన్నవి రెండు కొంటే తక్కువ పడే రోజులుంటాయి. ఒక్కోసారి చీటీ ఒక సరుకుది, దాని పైనున్నది ఇంకో సరుకు. ఎవరో చేతిలోకి తీసుకుని, వద్దనుకుని, అందిన చోట పెట్టిపోతారు. అందుకే చీటీ మీది పేరూ బరువూ ప్యాకెట్ మీదివాటితో కలుస్తున్నాయో లేదో చూడాలి. ఇవన్నీ నిమిషంలో చూసేసి ఒక్క లైను రాసి పంపేదాన్ని. నా మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కారు.

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. మందమర్రిలో ఉంటుంది. బావ ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయి దిగి పని చేసిన మనిషి. భూమి లోపల ఉక్కకు చెమట కారిపోతుందని అక్క రోజూ పెద్ద సీసా నిండా ఉప్పు వేసిన మజ్జిగ కట్టిచ్చేది. బావ నోరు కూడా ఉప్పు, కారం కోరే నోరే. మా ఇంటికి వచ్చినప్పుడల్లా కూర నోట్లో పెట్టుకుని, నా వైపు చూసి, "మర్దలా, ఉప్పు రేటు పెరిగిందా ఏంది" అనేవాడు. నేను మూతి ముడుచుకుని ఉప్పు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టేదాన్ని.

అక్క వంట మా అవ్వ వంట. అవ్వ బియ్యం కడిగే ముందు దేవుని పేరున ఒక పిడికెడు తీసి సంచిలో వేసేది. నెలకోసారి చర్చిలో ఇచ్చే ఆ పిడికెడు బియ్యాన్ని ఎన్నడూ కొలవలేదు. కూరలో ఉప్పూ అంతే, చెయ్యే కొలత. అక్కకు ఆ చెయ్యి వచ్చింది. నాకు రాలేదు. నేను చెంచాతో కొలుస్తాను, కాగితం మీద లెక్కేస్తాను. మీ ఇద్దరినీ కన్నది నేనొక్కదాన్నేనా అని అవ్వ నవ్వేది.

బావ రిటైరైన రెండో ఏడు కాళ్లు వాచాయి. చూపిస్తే కిడ్నీలు చాలావరకు దెబ్బతిన్నాయన్నారు. అప్పటికే బీపీ మందులు వాడుతున్నాడు. ఉప్పు బాగా తగ్గించమన్నారు. కొబ్బరినీళ్లు, అరటిపండ్లు వద్దన్నారు. పచ్చళ్లు ముట్టవద్దన్నారు. అక్క ఆ రోజే మామిడి తొక్కు జాడీ ఎత్తి పక్క క్వార్టర్ వాళ్లకు ఇచ్చేసింది. కూరలో ఉప్పు ఉందా లేదా అన్నట్టు వేయడం మొదలుపెట్టింది. ఆయనకొకటి, తనకొకటి వండుకోలేదు. ఒకటే గిన్నె, ఇద్దరూ అదే తిన్నారు.

నాలుగు నెలలకు బావ చిక్కిపోయాడు. పళ్లెం ముందు కూర్చుంటాడు, రెండు ముద్దలు తింటాడు, చెయ్యి కడుగుతాడు. అక్క ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. "తింటలేడే. నోటికి సయిస్తలేదంటుండు. మనిషి ఎట్ల బతుకుతడు తినకుంటె?" నేను "డాక్టర్ చెప్పినట్టు చెయ్యి, అలవాటైతది" అనేదాన్ని. వేరే ఊళ్లో కూర్చుని అలా చెప్పడం సులువు.

ఆ ఫోటో వచ్చిన రోజు మధ్యాహ్నం నేను పప్పుల వరుసలో ఉన్నాను. కొత్త సరుకు వచ్చి అట్టపెట్టెలు దారికి అడ్డంగా పడి ఉన్నాయి. ఫోన్ మోగింది, తీసి చూశాను. ఉప్పు. తక్కువ సోడియం రకం. మా షాపులోనూ ఉంది, కింది నుంచి రెండో ర్యాక్, ఎడమ చివర. చీటీ చూడగానే పక్కనున్న మామూలు ఉప్పు ధర నాకు నోటికొచ్చేసింది, ఇరవై ఎనిమిది. బరువు రెంటికీ కిలోనే. ఇందులో లెక్క ఏముంది? నిలబడ్డచోటే రాసి పంపాను. "వద్దక్కా. మామూలు ఉప్పు దీంట్ల సగం ధరకే వస్తది. అదే తీస్కో."

రెండు టిక్కులు నీలంగా మారాయి. జవాబు రాలేదు. అక్క నుంచి జవాబు రాకపోవడం మామూలే కనుక నేను మళ్లీ పెట్టెల పనిలో పడ్డాను.

తర్వాత మూడు వారాలకు ఒక ఆదివారం మందమర్రి వెళ్లాను. చర్చి అయ్యాక అక్కతోనే ఇంటికి నడిచాను. బావ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మొహం కొంచెం తేటగా అనిపించింది. అక్క చిక్కుడుకాయ కూర, టమాట చారు చేసింది. నేను ఒక ముద్ద పెట్టుకుని ఆగిపోయాను. కూరలో ఉప్పు ఉంది. కొంచెం కాదు, మునుపటి అక్క వంటలో ఉన్నంత ఉంది. నాలుక చివర ఏదో చేదు లాంటిది తగిలింది గానీ పట్టించుకోలేదు. బావ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. చారు గిన్నె ఎత్తుకుని తాగాడు. ఆఖరున మజ్జిగలో కూడా అక్క ఒక చిటికెడు వేసి కలిపింది.

"ఏం మర్దలా, అట్ల చూస్తున్నవ్? మీ అక్క మళ్ల వంట నేర్సింది" అన్నాడు బావ. నాలుగు నెలల తర్వాత ఆయన నాతో ఆడిన మొదటి వేళాకోళం అది.

నాకు సంతోషం కలగలేదు. కోపం వచ్చింది. పళ్లెం తీసుకుని వంటగదిలోకి వెళ్లాను.

"డాక్టర్ ఉప్పు తగ్గించుమంటె నువ్వేం చేస్తున్నవక్కా?"

"గది మామూలు ఉప్పు కాదే" అంది అక్క. పొయ్యి పక్క చెక్క మీదున్న ప్యాకెట్ తీసి నా చేతిలో పెట్టింది. "గిది బీపీ ఉన్నోళ్లు వాడే ఉప్పట. షాపుల పనిచేసే పిల్ల చెప్పింది. గిది తింటె ఏం కాదట. రుచి జర తక్కువుంటది, అందుకే ఇంకింత వేస్తున్న."

అది నేను వద్దన్న ఉప్పే. నా లోపల మొదట లేచిన మాట ఏదో దాచకుండా చెప్తాను. ఆయన ఆరోగ్యం కాదు, నేను చెప్పింది వినలేదన్నది. ప్యాకెట్ వెనక్కి తిప్పాను. కళ్లు అలవాటుగా ఎమ్మార్పీ అచ్చు వేసిన చోటికి పోయాయి. యాభై ఆరు. తయారైన నెల చూశాను. బరువు చూశాను. చూసి ప్యాకెట్ మళ్లీ చెక్క మీద పెట్టేశాను.

"చెప్పిన గదక్కా, సగం ధరకే వస్తదని. ఉత్తగ పైసలు పోసినవ్."

అక్క మొహం మారిపోయింది. మా అక్క గట్టిగా మాట్లాడే మనిషి కాదు. చేతిలో ఉన్న గరిటె గిన్నెలో పెట్టి, నెమ్మదిగా అంది. "ఇరువై నాలుగు రూపాలు ఎక్కువ పెట్టి ఆయనకు ఇంత బువ్వ తినిపిస్తె నీకేమైంది చెల్లె? నాకు ఆయన ఎక్కువనా, పైసలు ఎక్కువనా?"

అప్పుడైనా అర్థం కావాల్సింది. నా జవాబును ఆమె ఎలా చదువుకుందో ఆ మాటలోనే ఉంది. మొగుడి ప్రాణం కోసం షాపులో నిలబడి ఫోటో పంపితే చెల్లెలు చవకది తీసుకోమంది, అంతే ఆమెకు తోచింది. ఆ మాటకు నొచ్చుకునే ఖరీదైన ప్యాకెట్ బుట్టలో వేసుకుంది. నాకు మాత్రం అదేమీ పట్టలేదు. సాయంత్రం బస్సుకు కరీంనగర్ వచ్చేశాను. బస్సెక్కేటప్పుడు అక్కతో సరిగా మాట్లాడలేదు కూడా.

పది రోజులు గడిచాయి. ఒక పొద్దున, షాపు అప్పుడే తెరిచాం, అక్క ఫోన్ చేసింది. ఆమె ఏడవడం లేదు, అదే నన్ను భయపెట్టింది. బావ మంచం మీది నుంచి లేవబోతే కాళ్లు నిలబడలేదట. పట్టు లేక అక్కడే కూలబడ్డాడట. పక్క క్వార్టర్ వాళ్లు ఆటోలో మంచిర్యాల ఆస్పత్రికి తీసుకొచ్చారు. గుండె చాలా మెల్లగా కొట్టుకుంటోందని, కాగితం మీద గీత తీసి డాక్టర్లు ఉరుకుతున్నారని చెప్పింది. "జర రా చెల్లె" అంది. నేను బస్సెక్కి రెండున్నర గంటలు ఆ ఒక్క మాటే వింటూ కూర్చున్నాను.

వెళ్లేసరికి ఇంజెక్షన్లు ఇచ్చి డయాలసిస్‌కు తీసుకెళ్లారు. అక్క బయట బల్ల మీద కూర్చుని ఉంది. ఒడిలో చెయ్యి సంచి, సంచి మీద రెండు చేతులు. కాసేపటికి ఒక లేడీ డాక్టర్ బయటికి వచ్చింది. మా ఇద్దరినీ పక్కకు పిలిచింది.

"రక్తంలో పొటాషియం చాలా ఎక్కువైంది. టైముకు తెచ్చారు. ఏం తిన్నాడు? కొబ్బరినీళ్లు తాగిండా?"

"లేదమ్మా. అన్నీ బందువెట్టినం" అంది అక్క.

"పండ్లు? ఎవరన్నా చెట్టు మందు ఇచ్చిండ్రా?"

"ఏం లేదమ్మా. ఇంట్ల వండిందే."

డాక్టర్ అక్క వైపు తిరిగింది. "ఉప్పు ఏది వాడుతున్నరు?"

అక్క నా వైపు చూసింది. పేరు ఆమెకు తెలియదు, ప్యాకెట్ మీద అంతా ఇంగ్లీషే. నేను ఫోన్ తీశాను. పాత మెసేజ్‌లు పైకి జరుపుకుంటూ పోయి ఆ ఫోటో పట్టుకుని డాక్టర్ ముందు పెట్టాను. ఆమె రెండు వేళ్లతో చీటీని పెద్దది చేసి చదివింది.

"ఇదేనా?"

"ఇదే."

"దీంట్లో సోడియం తగ్గించి, దాని బదులు పొటాషియం కలుపుతరు. ఉత్త బీపీ ఉంటే కొంతమందికి పర్వాలేదు. కిడ్నీలు చెడినవాళ్లకు అది బయటికి పోదు, ఒంట్లనే నిలుస్తది. కొబ్బరినీళ్లు ఎందుకు వద్దన్నమో ఇది కూడా అందుకే వద్దు. కిడ్నీ జబ్బు ఉన్నోళ్లు డాక్టర్‌ను అడగాలని ప్యాకెట్ వెనక రాసే ఉంటది కదా." మా మొహాలు చూసి గొంతు తగ్గించింది. "ఈ ఉప్పు ఒక్కటే కారణమని నేను అనను. ఆయన వాడే బీపీ గోలీ కూడా పొటాషియం పెంచుతది, కిడ్నీల పని ఇంకా తగ్గి ఉంటది. కానీ ఇది మాత్రం ఈ రోజు నుంచే బంద్ చెయ్యండి."

ఆమె వెళ్లిపోయింది. ప్యాకెట్ వెనక రాసి ఉంటుంది. ఆ ప్యాకెట్‌ను నేను చేత్తో పట్టుకున్నాను, వెనక్కి తిప్పాను, కళ్ల ముందే పెట్టుకున్నాను. ధర చదివి పెట్టేశాను.

అక్క నేల వైపు చూస్తూ అంది. "నేను ధర అడగలే చెల్లె. ధర చీటీ మీదనే ఉండె, అంకెలు నాకొస్తయి. మీ బావ ఇది తినొచ్చా అని అడిగిన."

నువ్వు అడగలేదు కదక్కా అనే మాట నా నోటి దాకా వచ్చింది. అది నిజం కూడా. కానీ అక్కకు టైపు చేయడం రాదని నాకు తెలుసు. బావ తినడం లేదని నాలుగు నెలలుగా నాకు చెప్తూనే ఉంది. ఉప్పు తప్ప వాళ్లింట్లో వేరే బాధ లేదని తెలుసు. కిడ్నీ జబ్బు మనిషి ఉన్న ఇంటి నుంచి, పచ్చడి జాడీ కూడా బయటికి పంపించేసిన ఇంటి నుంచి ఉప్పు చీటీ ఫోటో వస్తే దేన్ని దేనితో పోల్చమంటున్నారో నాకెందుకు తెలియలేదు? ఆమె ఇరవై ఎనిమిదినీ యాభై రెండునూ పోల్చమనలేదు. ఆయన తినగలిగే ఉప్పునూ తినకూడని ఉప్పునూ పోల్చమంది. చీటీ మీద ఆ సంగతి ఉండదు. చీటీలు దూర్చే నాకు అది అందరికంటే బాగా తెలియాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. ఆ రోజు అక్క నోరు తెరిచి అడిగినా నేను తినొచ్చనే చెప్పేదాన్నేమో. బీపీ ఉన్నవాళ్లు వాడే ఉప్పు ఇది అన్న మాట మా షాపులో నేనూ ఎంతోమందికి చెప్పాను. ఆ షాపు పిల్ల చెప్పిందీ, నేను చెప్తూ వచ్చిందీ ఒకటే మాట. వాళ్లలో ఎవరి ఇంట్లో కిడ్నీలు చెడిన మనిషి ఉన్నాడో నేనెప్పుడూ అడగలేదు. అక్కతో మాత్రం ఆ బల్ల మీద "తప్పు నాదే అక్కా" అని అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు వద్దనే అన్నవ్ గదనే" అంది. నేను వద్దన్నది ఎందుకో మా ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ మాట నాకు ఊరట కాలేదు.

బావ ఇంటికి వచ్చాడు. అప్పటి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్. అక్క తెల్లారగానే లేచి టిఫిన్ కట్టి ఆయనతో మంచిర్యాల పోయేది, మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేది. గిన్నె మళ్లీ ఒకటే, ఉప్పు మళ్లీ ఉందా లేదా అన్నట్టు. నేను సెలవు దొరికిన ఆదివారమల్లా వెళ్లాను. బావ నన్నొక్క మాట అనలేదు. ఒకసారి మాత్రం, డయాలసిస్ అయ్యాక మంచం మీద పడుకుని, "గా నెల రోజులు మంచిగ తిన్న మర్దలా" అన్నాడు. నిందగా అనలేదు, గుర్తు చేసుకున్నట్టు అన్నాడు. నేను బయటికి వచ్చి బోరింగు దగ్గర నిలబడి ఏడ్చాను.

షాపులో నా పని పద్ధతి మారింది. ఆ ఉప్పు ముందు ఎవరన్నా ఆగితే నేను వెళ్లి ఎవరి కోసమని అడుగుతాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి వాడాలని తెలుగులో రాయించి చీటీ పక్కన అంటించాను. మేనేజర్ ఒకసారి, మన పని అమ్మడమా ఆపడమా అన్నాడు. రేపు మీ అమ్మకు వస్తే తెలుస్తది అనేశాను. అది అనవలసిన మాట కాదు గానీ ఆయన ఆ కాగితం జోలికి మళ్లీ రాలేదు.

అక్క ఫోటోలు పంపడం మానేసింది. మిగతా చుట్టాలు పంపుతూనే ఉన్నారు. నూనె, సబ్బులు, గోధుమపిండి. నేను ముందులాగా ఒక్క లైన్‌లో తేల్చేయడం లేదు. ఎవరికి, ఎందుకు అని అడుగుతున్నాను. నీకు ఈ మధ్య తీరిక ఎక్కువైందని మా చిన్నమ్మ కూతురు ఎగతాళి చేసింది. ఫోన్ మోగినప్పుడల్లా అక్క పేరేమోనని చూసేదాన్ని. మాట్లాడటానికి మాట్లాడేది, బావ సంగతులు చెప్పేది. షాపులో నిలబడి నన్ను తలుచుకోవడం మాత్రం లేదు.

వానాకాలంలో బావ పోయాడు. డయాలసిస్ మొదలై ఏడు నెలలు. ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగిపోయింది. ఈ జబ్బులో ఇలా జరుగుతుందని, ఆ ఉప్పు సంగతి దీనికి ముడిపెట్టుకోవద్దని అదే డాక్టర్ నాతో చెప్పింది. ఆమె మంచి మనిషి. నేను ముడిపెట్టుకోకుండా ఉండలేను. జ్ఞాపకార్థ కూడిక రోజు చర్చి ఆడవాళ్లే వంట చేశారు. అందరూ తిన్నారు. అక్క పళ్లెంలో పెట్టిన కూర అలాగే ఉంది. ఎందుకని అడిగితే, "ఉప్పు మస్తున్నది చెల్లె. నాలుక మండుతున్నది" అంది. ఏడాదిగా ఆయనతో కలిసి ఉప్పు లేకుండా తిని తిని ఆమె నోరే మారిపోయింది. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత రెండు నెలలకు, మిట్టమధ్యాహ్నం, నేను చింతపండు ప్యాకెట్లు సర్దుతుంటే ఫోన్ మోగింది. అక్క. ఫోటో ఒకటే, కింద మాట లేదు. ర్యాక్ అంచుకు పసుపు చీటీ, మామిడి తొక్కు, మూడు వందల గ్రాములు, మూలన బొటనవేలు. పక్కన సగం తెగిన ఇంకో చీటీ కనిపిస్తోంది, కిలో సీసాది. గ్రాముకు లెక్కేస్తే ఏది చవకో నాకు చూడగానే తెలిసిపోయింది. తెలిసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ప్యాకెట్లు కింద పెట్టి వరుస చివర గోడ దగ్గరికి వెళ్లి ఫోన్ చేశాను. రెండు మూడు రింగులకు ఎత్తింది. వెనక షాపులో ఎవరో బిల్లు కొట్టే చప్పుడు వినిపిస్తోంది.

"ఎవరికక్కా?" అన్నాను.

"నాకే" అంది. తర్వాత చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "తినొచ్చా చెల్లె?"

ఈసారి నోరు తెరిచి అడిగింది.

"తినొచ్చక్కా" అన్నాను. "నువ్వు తినొచ్చు."